ఇరవై తొమ్మిది లక్షలు ఎలా వచ్చాయో ఉత్తరంలోనే ఉండాలి

(అమలాపురంలో కొబ్బరి వ్యాపారులూ కామర్స్ విద్యార్థులూ కలిసి కూర్చున్న ఒక సాయంత్రం జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా అండి? సరే. ముందు ఒక ఉత్తరం చదువుతాను. చాలా చిన్నది. "నేను మార్చి 31తో సంస్థ నుంచి తప్పుకుంటున్నాను. లెక్క ప్రకారం నాకు రావలసినది 29 లక్షలు. వీలైనంత త్వరగా ఇప్పించగలరు." అంతే. కింద సంతకం. ఇలాంటి ఉత్తరాలు మన దగ్గర కొల్లలు. ఇందులో తప్పేముంది, చెప్పండి?

అంకె తప్పని నేననటం లేదు. 29 లక్షలూ సరైన అంకే కావచ్చు. కానీ ఆ ఉత్తరం అందుకున్నవాడు ఏం చేస్తాడు? బ్యాంకు పుస్తకం తీస్తాడు, అందులో పధ్నాలుగున్నర లక్షలు కనిపిస్తాయి. ఆయన క్యాపిటల్ ఖాతా తీస్తాడు, అందులో 18 లక్షలే కనిపిస్తుంది. "పద్దెనిమిది ఉంటే ఇరవై తొమ్మిది ఎలా అడుగుతున్నాడు?" అంటాడు. అక్కడే మొదలవుతుందండి గొడవ. మధ్యలో ఉన్న 11 లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఉత్తరం చెప్పదు. ఎవరి వాటాలోంచి వచ్చాయో అసలే చెప్పదు. ఈ సాయంత్రం ఆ 11 లక్షల సంగతే చూద్దాం.

ఒక సంస్థను అనుకుందాం. అంకెలన్నీ నేను కల్పించినవే, ఎవరి పద్దులూ కావు, కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. అంబాజీపేట పక్కన ముగ్గురు కలిసి కొబ్బరి వ్యాపారం చేస్తున్నారు. కాయ కొంటారు, కురిడీ కడతారు, పీచు తీయిస్తారు. వాళ్లని పెద్దాయన, నడిపాయన, చిన్నాయన అందాం. లాభనష్టాల్లో పెద్దాయనకి అయిదింట రెండు వంతులు, నడిపాయనకీ రెండు, చిన్నాయనకి ఒకటి. మూలధనం చూస్తే పెద్దాయనది 18 లక్షలు, నడిపాయనది 15, చిన్నాయనది 7. ఇప్పుడు పెద్దాయన తప్పుకుంటున్నాడు. మిగిలిన ఇద్దరూ ఇకమీద సగం సగం అనుకున్నారు. ఈ సగం సగం అన్నమాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలా పని చేస్తుంది.

లెక్కలోకి దిగేముందు ఒక్కమాట. తప్పుకునే ఆయన రాయాల్సిన ఉత్తరాలు రెండు. మొదటిది నోటీసు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 32వ సెక్షన్ ప్రకారం భాగస్తుడు తప్పుకోవడానికి దారులు మూడు: అందరూ ఒప్పుకుంటే తప్పుకోవచ్చు, భాగస్తుల ఒప్పంద పత్రంలో, అంటే డీడ్‌లో, రాసుకున్న ప్రకారం తప్పుకోవచ్చు, ఇష్టమున్నంతకాలం నడిచే సంస్థ అయితే మిగతావాళ్లందరికీ రాతపూర్వకంగా నోటీసిచ్చి తప్పుకోవచ్చు. ఆ నోటీసులో డబ్బు అంకె ఉండనక్కర్లేదు. ఉండకపోవడమే మంచిదంటాను నేను, ఎందుకంటే అప్పటికి ఎవరూ విలువలు కట్టి ఉండరు. రెండోదే మన ఉత్తరం. విలువలు కట్టాక, నిష్పత్తి తేల్చుకున్నాక, లెక్క పూర్తయ్యాక రాసేది. ఈ రెంటినీ ఒకే కాగితం మీద రాసేస్తే ఏమవుతుందంటే, నోటీసులో ఊహించి వేసిన అంకె తర్వాత ఆయన మెడకే చుట్టుకుంటుంది.

ఇక లెక్క. ముందు రిజర్వు. సంస్థలో 5 లక్షల జనరల్ రిజర్వు ఉంది. అది పంచుకోకుండా దాచుకున్న పాత లాభమే కదా, పాత నిష్పత్తిలో ముగ్గురికీ పోతుంది. పెద్దాయనకి 2 లక్షలు. ఇందులో పెద్దగా తగువు రాదు, ముందుకెళ్దాం.

తగువు వచ్చేది ఆస్తుల విలువ దగ్గర. రీవాల్యుయేషన్ అంటాం. చేసే పని తేలికే. ఒక్కో ఆస్తి తీసుకుని, పుస్తకంలో ఎంతుంది, ఈ రోజు ఎంత చేస్తుంది అని చూస్తాం. పెరిగితే రీవాల్యుయేషన్ ఖాతాకి జమ, తగ్గితే ఖర్చు. చివర మిగిలింది ముగ్గురికీ పాత నిష్పత్తిలో పంచుతాం. పాత నిష్పత్తి ఎందుకండీ? ఆ విలువ పెరిగింది ముగ్గురూ ఉన్నన్నాళ్లూ కాబట్టి.

మన సంస్థకి గోడౌనూ స్థలమూ ఉన్నాయి. పుస్తకంలో 12 లక్షలు. ఎప్పుడో కొన్నప్పటి ధర. ఇవాళ ఎంత? పెద్దాయన బయట ధర చెప్తాడు, చిన్నాయన రిజిస్ట్రారు ఆఫీసు విలువ చెప్తాడు. ఆయ్, ఎప్పుడూ అంతే. తప్పుకునేవాడికి రోడ్డు పక్క స్థలమైపోతుంది, ఉండేవాడికి అదే స్థలం పల్లపు భూమైపోతుంది. నా సలహా ఏంటంటే, ఇద్దరికీ సంబంధం లేని వాల్యూయర్ చేత రాతపూర్వకంగా విలువ కట్టించి, ఆ కాగితం తేదీ ఉత్తరంలో వేయండి. మన లెక్కకి 22 లక్షలు వచ్చిందనుకుందాం. 10 లక్షలు పెరిగింది.

స్టాకు దగ్గర ఇంకో రకం గొడవ. పీచూ, డొక్కా చూడగానే తెలిసిపోతాయి. కురిడీ అలా కాదు కదా. కాయ నెలల తరబడి అటక మీదే ఉంటుంది. లోపల నీరు ఇంకాలి, గుడ్డు టెంక నుంచి ఊడిరావాలి. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే గుడ్డు ఆడుతున్న చప్పుడు రావాలి. పుస్తకంలో స్టాకు 9 లక్షలని ఉందంటే, ఎన్ని వేల కాయలు కొని అటక ఎక్కించారో దాని ధర అది. అందులో కుళ్లినవి ఎన్ని, ఇంకా నీరున్నవి ఎన్ని, గండేరా ఎన్ని, గటగట ఎన్ని? రకానికో ధర. అటక కింద నిలబడి పైకి చూసి "బాగానే ఉంది" అనేస్తే కుదరదు. నాలుగు చోట్ల నుంచి కాయలు దింపించి, కొట్టించి, ఎంత శాతం పోతోందో ముగ్గురి ఎదుటా రాసుకోవాలి. స్టాకుకి నియమం మీకు తెలిసిందే. కొన్న ఖర్చు, అమ్మితే చేతికొచ్చేది, ఈ రెంట్లో ఏది తక్కువైతే అది. మార్కెట్టు బాగుందని స్టాకు విలువ కొన్నదానికన్నా పెంచి వేయకూడదు. ఇక్కడ 9 లక్షలు ఏడున్నర అయింది. లక్షన్నర తరుగు.

పీచు యంత్రాలు 6 లక్షల నుంచి 5కి దిగాయి, ఒక లక్ష. రావలసిన బాకీలు 8 లక్షలుంటే అందులో లక్ష రావటం అనుమానమే. ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు. పుస్తకంలో ఎక్కని అప్పులు. హమాలీలకి ఇస్తామన్న బోనసు 50 వేలు ఎక్కడా రాయలేదు. మాటిచ్చారు, ఇవ్వాలి, పద్దులో లేదు. అదీ ఇప్పుడు ఎక్కించాలి. ఇప్పుడు ఎక్కించకపోతే పెద్దాయన వంతు కూడా మిగిలిన ఇద్దరే కడతారు.

కూడితే ఏమొచ్చింది? పెరిగింది 10 లక్షలు. తగ్గింది లక్షన్నర, లక్ష, లక్ష, అర లక్ష, వెరసి 4 లక్షలు. మిగిలింది 6 లక్షలు. అయిదింట రెండు వంతులంటే పెద్దాయనకి 2,40,000. నడిపాయనకీ అంతే, చిన్నాయనకి 1,20,000. ఇంతవరకూ బానే ఉందా? ఇక్కడ ఒక్కటి గమనించండి. స్థలం కాగితం మీద పది లక్షలు పెరిగింది, బ్యాంకులో పైసా పెరగలేదు. పెద్దాయనకి ఇవ్వాల్సింది మాత్రం డబ్బు. కొబ్బరి అమ్మిన డబ్బే ఇవ్వాలి. అందుకే వాయిదాల సంగతి వస్తుంది, దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు గుడ్‌విల్, అంటే సంస్థ పేరుకున్న విలువ. డీడ్‌లో ఎలా కట్టాలో రాసి ఉంటే అలాగే కట్టాలి. మన వాళ్ల డీడ్‌లో, గత నాలుగేళ్ల సగటు లాభానికి రెండింతలు అని ఉంది. నాలుగేళ్ల లాభాలు వరసగా 9 లక్షలు, 12, 7, 14. కూడితే 42, సగటు పదిన్నర, రెండింతలు 21. అయిపోయిందా? అవలేదు. ఆఖరి ఏడు 14 లక్షల్లో పాత లారీ అమ్మితే వచ్చిన లాభం 2 లక్షలు కలిసి ఉంది. ఏటా లారీ అమ్ముతారా? అమ్మరు. అది తీసేస్తే 12. మొత్తం 40, సగటు 10, గుడ్‌విల్ 20 లక్షలు.

మరి ఆ 7 లక్షల ఏడో? అప్పుడు పెద్దాయన అంటాడు, "ఆ ఏడు ధర పడిపోయింది, అది లెక్కలోకి తీసుకోకండి" అని. నేను ఒప్పుకోను. కొబ్బరి ధర పడటం, లేవటం ఈ వ్యాపారంలో ఉన్నదే. 1996 నవంబరు తుపాను లాంటిది వచ్చి కోనసీమ తోటలే నేలకూలిన ఏడైతే, అది వేరు. ఆ ఏడు లాభాన్ని బట్టి సంస్థ పేరు విలువ కట్టడం సరి కాదు, దాన్ని పక్కన పెట్టడంలో న్యాయముంది. ధర తగ్గిన ప్రతి ఏడాదినీ తుపాను ఏడాదని తీసేస్తే మాత్రం మిగిలేవి మంచి ఏళ్లే. లారీ లాభం తీసెయ్యడానికి ఒప్పుకున్నవాళ్లు ఈ మాటకీ ఒప్పుకోవాలి.

20 లక్షల్లో పెద్దాయన వాటా 8 లక్షలు. ఈ ఎనిమిదీ ఎవరిస్తారు? ఇదండీ అసలు ప్రశ్న. విద్యార్థులు చాలామంది పాత నిష్పత్తి ప్రకారం నడిపాయన రెండు వంతులు, చిన్నాయన ఒక వంతు అని రాసేస్తారు. కాదు. పెద్దాయన వదిలిన వాటా ఎవరికి ఎంత పోయిందో వాళ్లు అంత ఇవ్వాలి. చిన్నాయనకి ఇదివరకు అయిదింట ఒకటి, ఇప్పుడు సగం. అంటే పదింట రెండు వంతులుండేది, అయిదయింది. మూడు వంతులు పెరిగింది. నడిపాయనకి పదింట నాలుగుండేది, అయిదయింది. ఒక్క వంతే పెరిగింది. కాబట్టి గెయినింగ్ రేషియో ఒకటికి మూడు. నడిపాయన 2 లక్షలిస్తాడు, చిన్నాయన 6 లక్షలిస్తాడు.

ఆశ్చర్యపోతున్నారు కదా? సగం సగం అన్నప్పుడు చిన్నాయన మురిసిపోయి ఉంటాడు. సగం వాటా ఊరికే రాదండి. ఇద్దరూ కొత్త నిష్పత్తి గురించి ఏమీ అనుకోకుండా ఉంటే, పాత దామాషాయే నిలిచేది, రెండుకి ఒకటి. అప్పుడు ఆ 8 లక్షలు కూడా రెండుకి ఒకటిగానే పడేవి. కొత్త నిష్పత్తి మారింది కాబట్టి భారం మారింది.

పద్దు ఎలా రాస్తాం? నడిపాయన క్యాపిటల్ ఖాతాకి 2 లక్షలు ఖర్చు, చిన్నాయన క్యాపిటల్ ఖాతాకి 6 లక్షలు ఖర్చు, పెద్దాయన క్యాపిటల్ ఖాతాకి 8 లక్షలు జమ. గుడ్‌విల్ అని 20 లక్షల ఆస్తిని పుస్తకంలో పుట్టించకూడదు. డబ్బిచ్చి కొనుక్కున్న గుడ్‌విల్‌నే పుస్తకంలో చూపించాలన్నది అకౌంటింగ్ ప్రమాణం. మనం పెంచుకున్నదాన్ని ఆస్తిగా ఎక్కించకూడదు.

సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెప్తాను, దీన్ని మాత్రం రాసుకోండి. మొదట ముగ్గురి మూలధనం మొత్తం 40 లక్షలు. రిజర్వు 5, రీవాల్యుయేషన్ 6 కలిస్తే 51 అవ్వాలి. గుడ్‌విల్ వల్ల ఆ మొత్తం పైసా కూడా పెరగకూడదు, ఒకరి ఖాతాలో తగ్గింది ఇంకొకరి ఖాతాలో పెరగడమే. చూద్దాం. పెద్దాయన 18, 2, 2.4, 8 కలిపి 30 లక్షల 40 వేలు. నడిపాయన 15, 2, 2.4, అందులోంచి 2 పోతే 17 లక్షల 40 వేలు. చిన్నాయన 7, 1, 1.2, అందులోంచి 6 పోతే 3 లక్షల 20 వేలు. కూడండి. 51 లక్షలు. సరిపోయింది. 59 వచ్చిందంటే గుడ్‌విల్ పెద్దాయనకి జమ వేసి ఆ ఇద్దరికీ ఖర్చు వేయటం మర్చిపోయారన్నమాట.

ఇంకొక్క తీసివేత. పెద్దాయన సంస్థ కారు తనే ఉంచుకుంటానన్నాడు. పుస్తకంలో 1,40,000 ఉంది, అదే ధరకి ముగ్గురూ ఒప్పుకున్నారు. 30,40,000లోంచి 1,40,000 పోతే 29,00,000. ఇదీ ఆ ఇరవై తొమ్మిది.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. నేనైతే ఇలా రాయిస్తాను, వినండి.

"సంస్థకూ, భాగస్వాములు ఇద్దరికీ. మార్చి 31 సాయంత్రం వ్యాపారం ముగిసేసరికి నేను సంస్థ నుంచి విరమించుకున్నాను. ఆ రోజుకి నాకు చెల్లించవలసిన మొత్తం మనం ముగ్గురం ఒప్పుకున్న లెక్క ప్రకారం ఈ కింది విధంగా తేలింది.

నా మూలధనం నిల్వ 18,00,000 రూపాయలు. జనరల్ రిజర్వులో నా వాటా 2,00,000. ఆస్తి అప్పుల పునర్మూల్యాంకనంలో వచ్చిన నికర లాభం 6,00,000లో నా వాటా 2,40,000. గుడ్‌విల్ 20,00,000గా నిర్ణయించగా అందులో నా వాటా 8,00,000, దీన్ని నడిపాయన ఖాతాలో 2,00,000, చిన్నాయన ఖాతాలో 6,00,000 ఖర్చు వేసి నాకు జమ చేశారు. మొత్తం 30,40,000. నేను తీసుకున్న కారు విలువ 1,40,000 తగ్గించగా నాకు రావలసినది 29,00,000, అక్షరాలా ఇరవై తొమ్మిది లక్షల రూపాయలు.

ఇందులో 9,00,000 ఇప్పుడు చెల్లించి, మిగిలిన 20,00,000 నా పేరున అప్పు ఖాతాకి మార్చి, ఏటా మార్చి 31న 5,00,000 చొప్పున నాలుగు వాయిదాల్లో, మిగిలిన నిల్వ మీద నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీతో చెల్లించడానికి సంస్థ అంగీకరించింది. ఆస్తుల విలువల పట్టిక, నాలుగేళ్ల లాభాల పట్టిక దీనితో జతచేశాను. లెక్క సరిగా ఉందని అంగీకరిస్తూ మీరు ఇద్దరూ ఈ ఉత్తరం నకలు మీద సంతకం చేసి ఇవ్వగోరుతున్నాను."

అసలు ఉత్తరంలో నడిపాయన, చిన్నాయన అని ఉండదు, నవ్వకండి, పేర్లుంటాయి. వాయిదాల అంకె మీరే చూసుకోవచ్చు. మొదటి ఏడు 20 లక్షల మీద వడ్డీ 2 లక్షలు, అసలుతో కలిపి 7 లక్షలు. రెండో ఏడు ఆరున్నర, మూడో ఏడు 6, నాలుగో ఏడు అయిదున్నర. వడ్డీ మొత్తం 5 లక్షలు. బ్యాంకులో ఉన్నది 14,60,000. అందులోంచి 9 లక్షలిస్తే 5,60,000 మిగులుతుంది, కాయలిచ్చిన రైతులకీ మిగతా అప్పులవాళ్లకీ ఇవ్వాల్సింది ఇంకా 6 లక్షలు ఉంది, హమాలీల బోనసు కాకుండానే. ఇంతకన్నా ఎక్కువ ముందే తీసుకుంటే వ్యాపారం ఊపిరాడదు. పెద్దాయనకి రాబోయే నాలుగు వాయిదాలూ ఆ వ్యాపారం నుంచే రావాలి.

వడ్డీ సంగతి ఉత్తరంలో ఎందుకు రాయాలంటే, రాయకపోతే చట్టం తన లెక్క తను వేస్తుంది. లెక్క తేలకుండా మిగతావాళ్లు ఆయన వాటాతోనే వ్యాపారం నడుపుతుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 37వ సెక్షన్ ప్రకారం ఆయన రెంట్లో ఒకటి కోరుకోవచ్చు: తన వాటా వాడుకున్నందుకు వచ్చిన లాభం, లేదా ఏడాదికి నూటికి 6 వడ్డీ. ఏది కోరతాడో ఆయన ఇష్టం. లాభాలు బాగున్న ఏడు లాభం అడుగుతాడు. దాన్ని విడదీసి లెక్కగట్టడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించారా? అందుకే ముందే వడ్డీ రేటు రాసుకోవడం ఇద్దరికీ మేలు.

ఇంకొకటి, ఉత్తరం ముగ్గురి మధ్య మాటే. కాయలిచ్చిన రైతుకీ బ్యాంకుకీ దానితో పనిలేదు. పెద్దాయన ఉన్నప్పుడు చేసిన అప్పులకి, వాళ్లతో విడిగా ఒప్పందం చేసుకుంటే తప్ప ఆయన బాధ్యత పోదు. తప్పుకున్నాక చేసిన వాటికి కూడా, బహిరంగ నోటీసు ఇచ్చేదాకా, ఆయనింకా భాగస్తుడేనని నమ్మి సంస్థతో లావాదేవీ చేసినవాళ్లకి జవాబు చెప్పాల్సి రావచ్చు. రిజిస్టరైన సంస్థయితే ఆ నోటీసు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి వెళ్లాలి, గెజిట్‌లో రావాలి, జిల్లాలో నడిచే ఒక తెలుగు పత్రికలోనూ రావాలి. పత్రికలో వేయించి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ.

ఆఖర్న పన్ను. దీని గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమైనా ఉండాలి, పాత నమూనాల్లో ఉండదు. 2021 ఫైనాన్స్ చట్టం వచ్చాక, తప్పుకునే భాగస్తుడు తన మూలధనం కన్నా ఎక్కువ తీసుకుంటే ఆ ఎక్కువ మీద మూలధన లాభం పన్ను సంస్థ మీద పడుతుంది. మూలధనం లెక్కగట్టేటప్పుడు రీవాల్యుయేషన్ వల్ల పెరిగిందీ, సొంతంగా పెరిగిన గుడ్‌విల్లూ కలపకూడదు. మన లెక్కలో పెద్దాయనకి అవి రెండూ తీసేస్తే 20 లక్షలు. తీసుకున్నది డబ్బూ కారూ కలిపి 30,40,000. స్థూలంగా తేడా 10,40,000. సరైన అంకె ఆడిటరు గారు వేయాలి, ఎందుకంటే తగ్గిన ఆస్తుల్ని ఎలా చూడాలన్నదాంట్లో మెలికలున్నాయి. కానీ ఆ పన్ను ఎవరు భరిస్తారు? సంస్థ కడితే నడిపాయన, చిన్నాయన జేబులోంచి పోతుంది. వాళ్లకి తెలియకుండా 29 లక్షలకి సంతకం పెట్టించుకుంటే, రిటర్న్ వేసే నాడు పెద్దాయన ఇంటి ముందుకొస్తారు. అందుకే "పై మొత్తంపై వచ్చే పన్ను సంస్థే భరించును" అనో, "నా వాటా నుంచి ఇంత తగ్గించుకొనుటకు అంగీకరించితిని" అనో, ఏదో ఒకటి స్పష్టంగా రాయండి.

డీడ్ కాపీలు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి. లాభనష్టాల నిష్పత్తి క్లాజూ, గుడ్‌విల్ క్లాజూ ఎక్కడున్నాయో చూద్దాం. గుడ్‌విల్ క్లాజు లేనివాళ్లు ముందు రండి, మీదే ఎక్కువ పని.